ఐదు బంతులు, పైన ఒక బోనస్ బంతి: జాక్‌పాట్ ఛాన్స్ ఎంత మారుతుందో లెక్కకట్టే పద్ధతి

2003 మేలో టెక్సస్ రాష్ట్ర లాటరీ తన లోటో టెక్సస్ ఆటను మార్చింది. అప్పటిదాకా 54 నంబర్ల నుంచి ఆరు ఎంచుకోవాలి. ఆ ఆరూ డ్రాలో వస్తే జాక్‌పాట్. కొత్త పద్ధతిలో 44 నంబర్ల నుంచి ఐదు ఎంచుకోవాలి, వేరే డ్రమ్ములో ఉన్న 44 బంతుల నుంచి ఇంకొకటి ఎంచుకోవాలి. అదే బోనస్ బంతి. అప్పట్లో నేను టెక్సస్‌లోని అర్వింగ్‌లో ఉండేవాడిని. రూమ్‌లో ఉండే తమ్ముడు గ్యాస్ స్టేషన్ నుంచి కొత్త స్లిప్పు తెచ్చి, "అన్నా, 54 పోయి 44 అయింది, ఇక మనకు ఈజీ" అన్నాడు. స్లిప్పు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పెద్ద అంకె పోయి చిన్న అంకె వచ్చింది, ఎంచుకోవాల్సిన నంబర్లు మాత్రం అప్పుడూ ఆరే, ఇప్పుడూ ఆరే.

నిజానికి ఆ మార్పుతో జాక్‌పాట్ ఛాన్స్ దాదాపు సగానికి పడిపోయింది. ఆ రాత్రి కాగితం మీద వేసి చూపించిన లెక్కనే ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. ఇంటర్ సెకండియర్‌లో చదువుకున్న ⁿCᵣ గుర్తుంటే మంచిది, మరిచిపోయినా ఇబ్బంది లేదు. అయితే కేరళ లాటరీ టికెట్టు మాత్రమే తెలిసినవాళ్లు ఒక తేడా గమనించాలి. అందులో నంబరు ముందే అచ్చయి ఉంటుంది. ఇక్కడ నంబర్లు మనమే ఎంచుకుంటాం, అందుకే ఈ లెక్క వేరు.

మొదటి అడుగు: బోనస్ బంతి ఏ డ్రమ్ము నుంచి వస్తోందో చూడండి

'బోనస్ బాల్' అనే పేరు రెండు వేర్వేరు విషయాలకు వాడతారు. లెక్క తప్పడం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

బ్రిటన్ లోటోలోనూ బోనస్ బంతి ఉంది. కానీ అది అదే డ్రమ్ములో, ఆరు బంతులు తీశాక మిగిలినవాటి నుంచి తీసే ఏడో బంతి. మీరు దాన్ని విడిగా ఎంచుకోరు. ఐదు నంబర్లు కలిసినవాళ్లలో, మిగిలిన ఆ ఒక్క నంబరు బోనస్ బంతితో కలిసినవాళ్లకు పెద్ద బహుమతి ఇవ్వడానికే అది. జాక్‌పాట్‌తో దానికి సంబంధం లేదు. కెనడా 6/49లోనూ ఇంతే. ఇలాంటి ఆటను మామూలు 'ఆరు ఎంచుకో' ఆటగానే లెక్కించాలి.

అమెరికాలోని పవర్‌బాల్, మెగా మిలియన్స్, 2003 నుంచి 2006 దాకా నడిచిన లోటో టెక్సస్ మాత్రం వేరు. వీటిలో రెండు డ్రమ్ములుంటాయి. బోనస్ నంబరు మీరే విడిగా ఎంచుకోవాలి, అది కలవకపోతే జాక్‌పాట్ రాదు. స్లిప్పు మీద రెండు వరుసలు విడివిడిగా ఉంటే అది రెండు డ్రమ్ముల ఆట. ఇంకో గుర్తు కూడా ఉంది. ఒకే నంబరు, ఉదాహరణకు 7, రెండు వరుసల్లోనూ పెట్టనిస్తే డ్రమ్ములు ఖచ్చితంగా రెండే. ఒకే డ్రమ్ములో ఏడు నంబరు బంతి రెండుసార్లు రాదు కదా.

రెండో అడుగు: జాక్‌పాట్ లెక్క

గూగుల్ షీట్స్‌లో గానీ ఎక్సెల్‌లో గానీ ఈ రెండు గళ్లు రాస్తే చాలు. మొదటిది 54 నుంచి ఆరు, రెండోది 44 నుంచి ఐదు, ఆపైన 44 నుంచి ఒకటి.

```
=COMBIN(54,6)
=COMBIN(44,5)*44
```

మొదటి గడిలో 2,58,27,165 వస్తుంది. రెండో గడిలో 4,77,84,352 వస్తుంది. అంటే పాత ఆటలో ఒక టికెట్టుకు రెండు కోట్ల 58 లక్షల్లో ఒక ఛాన్స్, కొత్త ఆటలో నాలుగు కోట్ల 78 లక్షల్లో ఒక ఛాన్స్. భాగిస్తే 1.85 రెట్లు కష్టమైందని తేలుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు చాలామంది చేస్తారు. ఐదు, ఒకటి కలిపి ఆరే కదా అని COMBIN(44,6) రాసేస్తారు. అప్పుడు 70,59,052 వస్తుంది, అసలు విలువలో దాదాపు ఏడో వంతే. రెండో పొరపాటు గుణించాల్సిన చోట కూడటం. పది లక్షల 86 వేలకు 44 కలిపితే బోనస్ బంతి ఉన్నా లేకున్నా ఒకటే అన్నట్టు అవుతుంది. వచ్చిన జవాబు పది లక్షల దగ్గరే ఆగిపోతే ఈ పొరపాటు జరిగిందని అనుకోండి.

మూడో అడుగు: బంతులు తగ్గినా ఛాన్స్ ఎందుకు పడిపోయింది

షీట్ జవాబు చెబుతుంది గానీ కారణం చెప్పదు. తమ్ముడికి ఆ రాత్రి నచ్చజెప్పింది కారణమే. అది తెలియాలంటే బంతుల్ని ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్నట్టు ఊహించుకోవాలి.

పాత ఆటలో మొదటి బంతి పడింది. మీ టికెట్టు మీద ఆరు నంబర్లున్నాయి, వాటిలో ఏదైనా సరే. కాబట్టి ఆ బంతి మీది అయ్యే ఛాన్స్ 54లో 6. అది మీదే అయితే రెండో బంతికి మీ దగ్గర ఇంకా ఐదు నంబర్లున్నాయి, డ్రమ్ములో 53 బంతులున్నాయి. అలా చివరిదాకా వెళితే ఇలా ఉంటుంది:

```
6/54 × 5/53 × 4/52 × 3/51 × 2/50 × 1/49
```

కొత్త ఆటలో మొదటి డ్రమ్ము తిరిగేటప్పుడు మీ చేతిలో ఉన్నవి ఐదే నంబర్లు. ఆరోది రెండో డ్రమ్ముకు కట్టుబడి ఉంది, ఇక్కడ పనికిరాదు.

```
5/44 × 4/43 × 3/42 × 2/41 × 1/40 × 1/44
```

ఇప్పుడు పైనున్న అంకెల్ని మాత్రమే చూడండి. పాత ఆటలో 6×5×4×3×2×1, అంటే 720. కొత్త ఆటలో 5×4×3×2×1×1, అంటే 120. సరిగ్గా ఆరు రెట్లు నష్టం. ఒక నంబరును విడదీసి వేరే డ్రమ్ముకు కట్టేయడం వల్ల పోయింది ఇదే. పాత ఆటలో మీ ఆరు నంబర్లు ఏ వరుసలో వచ్చినా సరే. కొత్త ఆటలో ఒక నంబరు మాత్రం ఫలానా చోటే రావాలి.

కింద ఉన్న అంకెల వల్ల కొంత లాభం ఉంది. పాతవన్నీ గుణిస్తే దాదాపు 1,859 కోట్లు, కొత్తవి గుణిస్తే 573 కోట్లు. బంతులు తగ్గినందుకు 3.24 రెట్లు సులువైంది. ఒకవైపు 3.24 రెట్లు సులువు, మరోవైపు ఆరు రెట్లు కష్టం. ఆరును 3.24తో భాగిస్తే మళ్ళీ అదే 1.85. స్లిప్పు మీద మనకు కనబడేది 54 పోయి 44 రావడం మాత్రమే, అంటే లాభం వైపు. ఆరు రెట్ల నష్టం అచ్చులో ఎక్కడా కనబడదు.

మరి బోనస్ డ్రమ్ములో ఎన్ని బంతులుంటే పాత కష్టంతో సమానమయ్యేది? 2,58,27,165ని 44 నుంచి ఐదు ఎంచే కాంబినేషన్లతో, అంటే 10,86,008తో భాగించండి. 23.78 వస్తుంది. 24 బంతులు పెట్టి ఉంటే రెండు ఆటలూ దాదాపు ఒక్కటే అయ్యేవి. వాళ్లు 44 పెట్టారు. ఇంకోలా చూస్తే, కొత్త ఆట 59 నంబర్ల నుంచి ఆరు ఎంచుకునే ఆట కన్నా కాస్త కష్టం, 60 నుంచి ఆరు ఎంచుకునే దానికన్నా కాస్త సులువు. 54ని నేరుగా 59 చేసి ఉంటే కష్టం పెరిగిందని అందరికీ తెలిసిపోయేది. బ్రిటన్ లోటో 2015లో 49 నుంచి 59కి మారినప్పుడు అదే జరిగింది. అక్కడ ఛాన్స్ కోటీ 40 లక్షల్లో ఒకటి నుంచి నాలుగున్నర కోట్లలో ఒకటికి పడిపోయింది, జనం వెంటనే గోల చేశారు.

ఏ ఆటకైనా పనికొచ్చే కొలమానం ఒకటి ఇందులోంచే వస్తుంది. మొదటి డ్రమ్ములోని బంతుల నుంచి 5 తీసేసి 6తో భాగించండి. 44కి అయితే 39ని 6తో భాగించాలి, 6.5 వస్తుంది. అదే డ్రమ్ము నుంచి ఆరో నంబరు కూడా ఎంచుకునే ఆట ఉంటే, ఆ ఆరో నంబరు కష్టాన్ని 6.5 రెట్లే పెంచేది. బోనస్ బంతి 44 రెట్లు పెంచుతోంది. బోనస్ డ్రమ్ములోని బంతులు ఈ 6.5 కన్నా ఎన్ని రెట్లు ఎక్కువో, 44 నుంచి ఆరు ఎంచుకునే మామూలు ఆట కన్నా జాక్‌పాట్ అన్ని రెట్లు కష్టం.

నాలుగో అడుగు: చిన్న బహుమతులు వేరుగా లెక్కకట్టండి

జాక్‌పాట్ దగ్గరే ఆగిపోతే ఈ మార్పు సగమే అర్థమవుతుంది. టికెట్టు వెనక 'మొత్తం మీద ఏదో ఒక బహుమతి వచ్చే ఛాన్స్' అని ఒక అంకె ఉంటుంది. 54 నుంచి ఆరు ఎంచుకునే ఆటలో అది 71లో ఒకటి. బోనస్ బంతి ఆటలో 57లో ఒకటి. అంటే ఏదో ఒకటి గెలవడం సులువైంది! "చూశావా అన్నా" అన్నాడు తమ్ముడు ఆ అంకె చూపించి. అతను తప్పు చెప్పలేదు. కానీ ఆ 57 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి.

మూడు నంబర్లు కలిసి బోనస్ కలవని టికెట్టుకు లెక్క ఇలా:

```
=COMBIN(44,5)*44/(COMBIN(5,3)*COMBIN(39,2)*43)
```

మీ ఐదులో మూడు కలిసే తీర్లు, మిగిలిన 39 తప్పు బంతుల్లో రెండు వచ్చే తీర్లు, బోనస్ డ్రమ్ములో మీది కాని 43 బంతులు. జవాబు 150లో ఒకటి. పాత ఆటలో ఆరులో మూడు కలవడం 75లో ఒకటి. ఇది సగానికి పడిపోయింది. మరి మొత్తం ఛాన్స్ పెరిగిందంటే కారణం కొత్తగా వచ్చిన అట్టడుగు మెట్టు: ఒక నంబరు, బోనస్ బంతి కలిస్తే ఇచ్చే బహుమతి. దాని ఛాన్స్ 116లో ఒకటి. గెలిచే టికెట్లలో దాదాపు సగం ఈ మెట్టు దగ్గరివే, అందులో వచ్చేది కొద్దిపాటి చిల్లర డాలర్లే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది రెండో బహుమతి. పాత ఆటలో ఆరులో ఐదు కలవడం 89,678లో ఒకటి. కొత్త ఆటలో ఐదూ కలిసి బోనస్ తప్పడం 11,11,264లో ఒకటి. పన్నెండు రెట్లకు పైగా కష్టం. కారణం ముందు చెప్పిందే. పాత ఆటలో మీ ఆరు నంబర్లలో ఏ ఒక్కటి తప్పినా మిగతా ఐదూ పనికొచ్చేవి. కొత్త ఆటలో తప్పడానికి వీలున్నది బోనస్ ఒక్కటే, మొదటి ఐదూ కలిసి తీరాలి. జాక్‌పాట్ 1.85 రెట్లు కష్టమైందని చెప్పేవాళ్లు కూడా ఈ సంగతి చెప్పరు.

ఈ అడుగులో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పవర్‌బాల్‌లో బోనస్ డ్రమ్ములోని ఎర్రబంతులు 26 అయితే ఎర్రబంతి బహుమతి 26లో ఒకటి ఉండాలి కదా, టికెట్టు మీద 38లో ఒకటి అని ఎందుకుంది అని అడుగుతారు. ఆ మెట్టు 'ఎర్రబంతి మాత్రమే' కలిసినవాళ్లది. ఎర్రబంతితో పాటు మొదటి డ్రమ్ములోని తెల్లబంతి కూడా కలిస్తే మీరు వేరే మెట్టుకు వెళ్లిపోతారు. 69 తెల్లబంతుల్లో మీ ఐదూ తప్పే ఛాన్స్ 0.678. దాన్ని 26తో భాగిస్తే 38.3లో ఒకటి వస్తుంది.

ఐదో అడుగు: రెండు డ్రమ్ములూ ఒకేసారి మారితే

2015 అక్టోబరులో పవర్‌బాల్ తెల్లబంతుల్ని 59 నుంచి 69కి పెంచి, ఎర్రబంతుల్ని 35 నుంచి 26కి తగ్గించింది. ఇలాంటి చోట ఒక్కో డ్రమ్ము లెక్క విడిగా చేసి ఆఖర్న గుణించాలి. 59 నుంచి ఐదు ఎంచే తీర్లు 50,06,386. 69 నుంచి అయితే 1,12,38,513. ఇక్కడ 2.24 రెట్లు కష్టం. 35 పోయి 26 రావడంతో కష్టం 0.74 రెట్లకు తగ్గింది. రెండూ గుణిస్తే 1.67. జాక్‌పాట్ ఛాన్స్ 17.5 కోట్లలో ఒకటి నుంచి 29.2 కోట్లలో ఒకటికి పడింది. ఏదో ఒక బహుమతి మాత్రం దాదాపు 32లో ఒకటి నుంచి 25లో ఒకటికి సులువైంది, ఎందుకంటే చిన్న మెట్లు ఎర్రబంతి మీదే నడుస్తాయి.

బోనస్ బంతి నిర్వాహకులకు ఇచ్చేది ఈ వెసులుబాటే. జాక్‌పాట్‌ను దూరం జరుపుతూనే చిన్న గెలుపుల్ని దగ్గరికి తేవచ్చు. ఆరు ఎంచుకునే ఆటలో డ్రమ్ము ఒక్కటే, బంతులు పెంచితే అన్ని మెట్లూ కష్టమవుతాయి. అందుకే 1992లో లోటో అమెరికా అనే ఆరు నంబర్ల ఆటను తీసేసి దాని స్థానంలో పవర్‌బాల్‌ను తెచ్చినప్పటి నుంచి పెద్ద జాక్‌పాట్లు కావాలనుకున్నవాళ్లు ఈ దారే పట్టారు.

ఆరో అడుగు: జాక్‌పాట్ ఎంత తరచుగా మిగిలిపోతుందో చూడండి

ఒక టికెట్టు ఛాన్స్ తెలిశాక, ఒక డ్రాలో ఎవరికీ తగలకుండా డబ్బు తర్వాతి డ్రాకు చేరే ఛాన్స్ కూడా తెలుసుకోవచ్చు. ఒక డ్రాకు 50 లక్షల టికెట్లు అమ్మారనుకుందాం. ఇది ఊహే, లెక్క చూడటానికి పెట్టుకున్న అంకె.

```
=EXP(-5000000/25827165)
=EXP(-5000000/47784352)
```

పాత ఆటకు 0.82 వస్తుంది, కొత్త ఆటకు 0.90. అంటే పాత పద్ధతిలో వంద డ్రాలలో 18 సార్లు ఎవరో ఒకరికి తగులుతుంది, కొత్త పద్ధతిలో పది సార్లే. డబ్బు ఎక్కువ వారాలు పేరుకుంటుంది, బోర్డు మీద అంకె పెద్దదవుతుంది. ఈ సూత్రానికి ఒక పరిమితి ఉంది. అందరూ నంబర్లు ఎలా పడితే అలా ఎంచుకున్నారనే లెక్క మీద ఇది నడుస్తుంది. చాలామంది పుట్టినరోజులు పెట్టి 31 లోపే ఎంచుకుంటారు, అప్పుడు ఒకే కాంబినేషన్ మీద ఎక్కువ టికెట్లు పడి, ఎవరూ కొనని కాంబినేషన్లు ఇంకా మిగిలిపోతాయి. కాబట్టి నిజంగా డబ్బు మిగిలిపోయే ఛాన్స్ ఈ అంకె కన్నా కాస్త ఎక్కువే.

2016 జనవరిలో పవర్‌బాల్ జాక్‌పాట్ 158.6 కోట్ల డాలర్లకు పెరిగింది. మూడు నెలల ముందు తెల్లబంతులు పది పెంచిన ఆట అదే.

కాంబినేషన్లన్నీ కొనేయగలరా?

ఈ లెక్క అసలు ప్రపంచంలో ఎలా తేలుతుందో చూడాలంటే వర్జీనియా వైపు చూడాలి. 1992 ఫిబ్రవరిలో అక్కడి ఆట 44 నంబర్ల నుంచి ఆరు. మొత్తం 70,59,052 కాంబినేషన్లు, టికెట్టు ఒక డాలరు, జాక్‌పాట్ 2.7 కోట్ల డాలర్లు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక బృందం దాదాపు 50 లక్షల కాంబినేషన్లు కొనేసింది, జాక్‌పాట్ వాళ్లకే తగిలింది. అదే 44 అంకెతో, ఆరో నంబరును 44 బంతుల వేరే డ్రమ్ముకు మార్చి ఉంటే, అన్నీ కొనడానికి ఏడింతలకు దగ్గరగా, అంటే 4.78 కోట్ల డాలర్లు కావాలి. బహుమతి కన్నా ఖర్చే ఎక్కువ.

టెక్సస్ 2006 ఏప్రిల్‌లో బోనస్ బంతిని వదిలేసి మళ్ళీ 54 నుంచి ఆరుకే వచ్చింది. తమ్ముడు అప్పటికి న్యూజెర్సీ వెళ్లిపోయాడు, ఫోన్ చేసి చెబితే సంతోషించాడు. 2023 ఏప్రిల్ 22 డ్రాకు ఆ ఆట జాక్‌పాట్ 9.5 కోట్ల డాలర్లుంది, ఒకేసారి తీసుకుంటే 5.78 కోట్లు. టికెట్టు అప్పటికీ ఒక డాలరే. 2.58 కోట్ల కాంబినేషన్లలో దాదాపు అన్నిటినీ ఒక బృందం కొనేసి జాక్‌పాట్ గెలిచింది. 2003 నాటి బోనస్ బంతి ఆటే నడుస్తూ ఉంటే వాళ్లకు 4.78 కోట్ల డాలర్లు ఖర్చయ్యేది. ఇంకెవరైనా ఒక్కరు అదే నంబర్లు కొని ఉంటే, చేతికొచ్చే సగం 2.89 కోట్లు. 2.58 కోట్లు పెట్టినవాడికి ఆ సగం కూడా సరిపోతుంది, 4.78 కోట్లు పెట్టినవాడికి సరిపోదు.